ఖర్చు చూసి ఇవ్వాలా, ఫలితం చూసి ఇవ్వాలా: ఉద్దానం డయాలసిస్ లెక్క

(పాడ్‌కాస్ట్ రాతప్రతి. శ్రీకాకుళంలో రికార్డు చేసిన ఎపిసోడ్. మాట్లాడినవారు: రమణ, భానుమతి.)

భానుమతి: శ్రోతలకు నమస్కారం. జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లా నుంచి వెళ్ళే వార్షిక ప్రతిపాదన, అంటే అందరూ పిఐపి అని పిలిచే కాగితం, ఎలా తయారవుతుందో ఈ రోజు మొదటి నుంచి చివరి వరకు చూద్దామని గత ఎపిసోడ్‌లో చెప్పాము. కొబ్బరికాయల ప్రస్తావన తీసుకురానని రమణ మాస్టారు మాట ఇచ్చారు.

రమణ: మాట ఇచ్చాను, నిలబెట్టుకుంటాను. అయినా కవిటి శ్రోతలు ఆ లెక్క ఇంకా తేలలేదని రాస్తూనే ఉన్నారు, అమ్మా.

భానుమతి: తేలదు కూడా, ఎందుకంటే మీరు అప్పుడు హారం, అంటే ఎన్నింటిలో అని చెప్పే కింది అంకె, చెప్పలేదు.

రమణ: ఎపిసోడ్ మొదలై నిమిషం కాలేదు, అప్పుడే హారం వచ్చింది. సరే, విషయానికి వస్తాను. జిల్లా ప్రతిపాదన రాష్ట్రానికి వెళుతుంది, రాష్ట్రం అన్నింటినీ కలిపి కేంద్రానికి పంపుతుంది, అక్కడ చర్చ జరిగిన తరువాత ఆమోదం ఆర్‌ఓపి అని పిలిచే కాగితం రూపంలో తిరిగి వస్తుంది. మన రాష్ట్రానికి కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఇక ఫలితాల బడ్జెట్, అంటే పాత ఖర్చు చూసి కాకుండా సాధించిన ఫలితం చూసి డబ్బు ఇవ్వడం, కొత్త మాటేమీ కాదు. 2005లో చిదంబరం గారు ఆర్థిక మంత్రిగా ఉండగా కేంద్రం మొదటి ఫలితాల బడ్జెట్‌ను పార్లమెంటు ముందు ఉంచింది. నేను ట్రెజరీలో ఉన్న రోజుల్లో ఆ మాట విని, ఇక నుంచి గత సంవత్సరం ఖర్చుకు ఐదు శాతం కలిపే పని మానేస్తారని మేమందరం అనుకున్నాము.

భానుమతి: మానేశారా?

రమణ: లక్ష్యాల పట్టిక ఒకటి పక్కన చేరింది. దాని పక్కనే పాత పద్ధతీ నడిచింది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలోని డయాలసిస్ కేంద్రాలనే తీసుకోండి.

భానుమతి: ఉద్దానం ఎత్తారంటే పిఐపి ఇక పక్కకు పోయినట్టే. అయినా చెప్పండి, నాకూ అదే మాట్లాడాలని ఉంది.

రమణ: ఏ ఊరి పేరూ వద్దు, ఊహించిన ఒక కేంద్రాన్ని తీసుకుందాం. పన్నెండు యంత్రాలు ఉన్నాయి, రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఆరు రోజులు పనిచేస్తుంది. అంటే వారానికి 216 సెషన్లు, ఏడాదికి 11,232. ఒక్కో సెషన్ నాలుగు గంటలు నడిస్తే యంత్రం గుండా సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు ప్రవహించాలి. కాబట్టి ఆర్‌ఓ ప్లాంటు ఆగిన రోజు పన్నెండు యంత్రాలూ ఒకేసారి ఆగిపోతాయి. ఆ ప్లాంటు ఆరు వారాలు పాడైందనుకోండి, 1,296 సెషన్లు పోయి, మిగిలినవి 9,936 అవుతాయి. ఖర్చు కూడా ఆ మేరకే నమోదవుతుంది. వచ్చే ఏడాది అంచనా వేసే గుమాస్తా ముందు ఉండేది ఆ ఖర్చు అంకె ఒక్కటే. దానికి ఐదు శాతం కలిపి, ధరలేవీ పెరగలేదని కూడా అనుకుంటే, 10,433 సెషన్లకు డబ్బు వస్తుంది. ప్లాంటు బాగుపడి పన్నెండు యంత్రాలూ పూర్తిగా నడిచినా దాదాపు ఎనిమిది వందల సెషన్లకు డబ్బు ఉండదు. మార్చి మొదటి వారంలోనే డయలైజర్లు, బైకార్బొనేటు, హెపారిన్ కొనడానికి పద్దు ఖాళీ అవుతుంది.

భానుమతి: ఆ ఆరు వారాలు పేషెంట్లు ఏమయ్యారో మీ లెక్కలో లేదు, మాస్టారూ. కొందరు రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి ఉంటారు. కొందరు వారానికి మూడు సార్లకు బదులు ఒక్కసారి ఎక్కడో చేయించుకుని ఉంటారు. కొందరు ఎక్కడికీ వెళ్ళలేక ఇంట్లోనే ఉండిపోయి ఉంటారు. ఖర్చుల రిజిస్టరులో మాత్రం ఈ ముగ్గురి కథా పొదుపు కింద కనిపిస్తుంది.

రమణ: (కొంతసేపు ఆగి) నిజమే. అందుకే గత సంవత్సరం ఖర్చును కొలబద్దగా పెట్టకూడదని నా వాదన. లక్ష్యం పెట్టి, లక్ష్యం అందుకున్న కేంద్రానికి డబ్బు ఇవ్వాలి.

భానుమతి: ఏ లక్ష్యం?

రమణ: ఎంతమందికి సేవ అందిందన్నది.

భానుమతి: అక్కడే ఆగండి. వారానికి 216 సెషన్లు అన్నారు. వైద్యం కోరేది మనిషికి వారానికి మూడు సెషన్లు, కాబట్టి 72 మందికి సరిపోతాయి. అవే యంత్రాలు, అదే సిబ్బంది, ఒక్కొక్కరికి రెండేసి సెషన్లు మాత్రమే ఇస్తే 108 మంది. మీరు తలల లెక్కన డబ్బు ఇస్తే, ఒక్క రూపాయి అదనంగా ఖర్చు పెట్టకుండా కేంద్రం తన పనితీరును సగం మేర పెంచి చూపిస్తుంది. మనుషులు మాత్రం ఒంట్లో నీరు చేరి, ఆయాసంతో వస్తారు.

రమణ: అయితే సెషన్ల లెక్కన ఇద్దాం.

భానుమతి: రెండు సందర్భాల్లోనూ సెషన్లు 216 మాత్రమే, మాస్టారూ. ఆ అంకెకు తేడాయే తెలియదు. అందుకే ప్రతి ఎపిసోడ్‌లోనూ నేను హారం అడుగుతాను. ఇవ్వాల్సిన సెషన్లు కింద, ఇచ్చినవి పైన ఉండాలి. నమోదైన ప్రతి మనిషికీ డాక్టరు రాసిన సెషన్లెన్ని, అందులో నాలుగు గంటలూ పూర్తిగా జరిగినవెన్ని అన్నదే లక్ష్యం కావాలి.

రమణ: డాక్టరు చేత రెండే రాయిస్తే?

భానుమతి: రాయించవచ్చు, అందుకే రక్తపరీక్ష ఒకటి తోడుండాలి. డయాలసిస్‌కు ముందు రక్తంలో యూరియా 140 ఉండి, తరువాత 49కి వస్తే 65 శాతం తగ్గినట్టు. వారానికి మూడు సెషన్లు అందే మనిషికి ఒక్కో సెషన్‌లో తగ్గవలసిన కనీస మేర అదే. రెండే అందేవారికి అది చాలదు. కాబట్టి ఆ పరీక్ష ఫలితం పక్కన వారంలో ఎన్ని సెషన్లు జరిగాయో కూడా రాయాలి. తరువాతి నమూనాను యంత్రం నుంచి శరీరంలోకి తిరిగి వెళ్ళే గొట్టంలో తీస్తే యూరియా అప్పటికే శుభ్రమైపోయి ఉంటుంది కాబట్టి అంకె అందంగా వస్తుంది. ఒకే కేంద్రంలో అందరికీ 80 శాతం పైన వస్తుంటే వైద్యాన్ని మెచ్చుకునే ముందు, నమూనా తీసిన చోటు అడగాలి.

రమణ: ఇవన్నీ పద్ధతుల కొలతలే గానీ ఫలితం కాదు కదా. ఫలితం అంటే మనిషి బతికి ఉండటం. సంవత్సరం చివర ఎంతమంది బతికున్నారో లెక్కపెట్టి డబ్బు ఇవ్వండి, ఈ గొడవంతా ఉండదు.

భానుమతి: మాస్టారూ, ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది.

రమణ: రానివ్వండి, చెప్పండి.

భానుమతి: మందస, కంచిలి వైపు నుంచి వచ్చేవారిలో చాలామంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఎన్నడూ చేయించుకోకుండా, వాంతులతో, ఆయాసంతో నేరుగా ఆసుపత్రికి చేరతారు. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపి ఫిస్టులా వేసి, అది పక్వానికి రావడానికి వారాలు పడుతుంది, అంత సమయం వారికి ఉండదు. మెడలో తాత్కాలిక కాథెటర్ పెట్టి మొదలుపెడతారు, దానివల్ల ఇన్ఫెక్షన్ ప్రమాదం ఎక్కువ. మరణాలు ఎక్కువగా జరిగేది మొదటి 90 రోజుల్లోనే. మీరు మరణాల లెక్కతో డబ్బును ముడిపెడితే, అలాంటి మనిషిని చేర్చుకున్న కేంద్రం నష్టపోతుంది, "మంచాలు లేవు, శ్రీకాకుళం వెళ్ళండి" అన్న కేంద్రం లాభపడుతుంది.

రమణ: తొంభై రోజులు దాటినవారినే లెక్కించమంటే?

భానుమతి: అప్పుడు ఎనభయ్యో రోజున పోయినవారు ఏ కాగితంలోనూ ఉండరు. మళ్ళీ హారమే. నమోదైన రోజు నుంచే లెక్కించాలి, మొదటి మూడు నెలలను విడిగా చూపాలి. ఇక రిజిస్టరులో "వేరే కేంద్రానికి పంపడమైనది" అని రాసి మనిషిని హారం నుంచి తీసేసే దారి ఒకటుంది. దాన్ని పట్టుకోవడం మన దగ్గర కష్టం కాదు. డయాలసిస్ పేషెంట్లకు ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. పంపించామని రాసిన పేరును పింఛను జాబితాతో సరిచూస్తే, మనిషి మరొక కేంద్రంలో ఉన్నాడా, మరణం కారణంగా పింఛను ఆగిందా అన్నది తెలిసిపోతుంది.

రమణ: ఇది నాకు నచ్చింది. రెండు శాఖల కాగితాలను పక్కపక్కన పెట్టడం కన్నా మంచి తనిఖీ లేదు.

భానుమతి: ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. 72 మంది ఉన్న చోట ఒక ఏడాది తొమ్మిది మంది, మరుసటి ఏడాది పదమూడు మంది చనిపోయారనుకోండి. పెరిగిన ఆ నాలుగు మరణాలు కేంద్రం పనితీరు చెడిపోవడం వల్ల కావచ్చు, కేవలం యాదృచ్ఛికం కూడా కావచ్చు. ఇంత చిన్న సంఖ్యల్లో ఒక్క ఏడాది చూసి ఆ రెండింటినీ విడదీయలేము. దానితో నిధులను ముడిపెడితే లాటరీ వేసినట్టే. మూడేళ్ళవి కలిపి చూసి, కారణాలు అడగడానికి వాడుకోవచ్చు, కోత పెట్టడానికి వాడకూడదు.

రమణ: అయితే కోతే వద్దంటారా? కోత లేని లక్ష్యాన్ని ఎవరు లెక్కచేస్తారు?

భానుమతి: మీ ఆర్‌ఓ ప్లాంటు దగ్గరికే రండి. ప్లాంటు పాడై సెషన్లు తగ్గాయి, లక్ష్యం తప్పింది, కాబట్టి డబ్బు కోసేశారు. ఇప్పుడు ప్లాంటు బాగు చేసేదెలా? పాత పద్ధతిలో తెలియక కోశారు, మీ పద్ధతిలో శిక్షగా కోస్తారు. జీతాలు, కరెంటు, నీటి ప్లాంటు నిర్వహణ, కనీస సెషన్లకు కావలసిన సామగ్రి అన్నవాటిని లక్ష్యాలతో ముడిపెట్టకూడదు. ఆపైన ఒక భాగాన్ని మాత్రమే ముడిపెట్టాలి. ఆరోగ్య మిషన్‌లో కూడా 2018-19 నుంచి షరతులతో ముడిపడినది నిధుల్లో 20 శాతమే.

రమణ: ఒప్పుకుంటాను, కానీ మీరు చెప్పని సంగతి ఒకటి ఉంది. లక్ష్యం పెట్టేది ఆసుపత్రి సూపరింటెండెంటుకు. ఆయన చేతిలో ఏముంది? మందుల పద్దు వేరు, నిర్వహణ పద్దు వేరు, జీతాల పద్దు వేరు. మందుల పద్దులో డబ్బు మిగిలినా, ప్లాంటు మెంబ్రేన్ మార్చడానికి దాన్ని ఆయన తిప్పలేడు, పై నుంచి పద్దు మార్పు ఉత్తర్వు రావాలి. నేను ట్రెజరీలో అలాంటి బిల్లులు ఎన్నో వెనక్కి పంపాను, నిబంధన ప్రకారం పంపవలసిందే. ఫలితానికి జవాబుదారీ చేసి, ఖర్చుకు అధికారం ఇవ్వకపోతే ఆయన అంకెలు దిద్దుకోవడం నేర్చుకుంటాడు.

భానుమతి: దీనికి నా దగ్గర జవాబు లేదు.

రమణ: మీ దగ్గర జవాబు లేకపోవడం ఈ పాడ్‌కాస్ట్‌లో ఇదే మొదటిసారి. (నవ్వులు)

భానుమతి: నవ్వకండి. ఒక పరిమితి వరకు మందులు, నిర్వహణ పద్దుల మధ్య డయాలసిస్ కేంద్రమే డబ్బు తిప్పుకోవచ్చని ముందుగానే ఉత్తర్వు ఇస్తే?

రమణ: ఆడిట్ అభ్యంతరం వస్తుంది.

భానుమతి: ముందే ఉత్తర్వు ఉంటే ఎందుకు వస్తుంది?

రమణ: పరిమితి దేని మీద శాతమని అడుగుతారు. మంజూరైన మొత్తం మీదా, విడుదలైన మొత్తం మీదా? సంవత్సరం మధ్యలో రెండింటికీ పోలిక ఉండదు.

భానుమతి: చూశారా, ఇప్పుడు మీరే హారం అడుగుతున్నారు.

రమణ: నేను అడిగింది పద్దు గురించి, మీ హారం గురించి కాదు.

భానుమతి: రెండూ ఒకటే, మాస్టారూ. పిఐపి పట్టిక తెరవనే లేదు. ఇంకా పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన రెండు వందల పడకల ఆసుపత్రి సంగతి, ఊళ్ళలో చేసే క్రియాటినిన్ పరీక్షల సంగతి అసలే రాలేదు. అక్కడ కారణమే ఇదమిత్థంగా తేలని జబ్బుకు ఏడాది ఫలితం ఏమని రాస్తారో మిమ్మల్ని అడగాలనుకున్నాను.

రమణ: తగ్గిన కొత్త కేసుల సంఖ్య అని రాస్తాను.

భానుమతి: పరీక్షలు పెంచిన ఏడాది కేసులు పెరుగుతాయి కదా?

రమణ: అయితే పరీక్షించినవారిలో ఎంత శాతం అని రాస్తాను.

భానుమతి: ఎవరిని పరీక్షించారు? బాగా ఉన్న కుర్రవాళ్ళనా, నలభై దాటిన కూలీలనా? మొదటి పరీక్షలో ఎక్కువ వచ్చినవారికి మూడు నెలల తరువాత మళ్ళీ చేశారా, లేక ఒక్కసారికే జబ్బు అని రాసేశారా?

రమణ: అమ్మా, పక్క గదివాళ్ళు తలుపు కొడుతున్నారు, మన సమయం అయిపోయింది. ఆ పట్టిక మీ దగ్గరే ఉంచండి.

భానుమతి: మీ దగ్గర ఉన్న ప్రతిలో ఏ సంవత్సరం ఆర్‌ఓపి ఉందో ముందు అది చెప్పండి.