పొడి ఊడని కట్లెట్: గుడ్డు సొన చేసే పని

అందరికీ నమస్కారం. అక్కలూ, అమ్మలూ, వెనకాల నిలబడ్డ తమ్ముళ్లూ, ముందు ఈ పళ్లెంలో ఉన్న రెండు కట్లెట్లు చూడండి. రెండూ పొద్దున ఒకే చేప ముద్దతో చేసినవే, ఒకే మూకుట్లో వేగినవే. ఇది నిండుగా ఎర్రగా ఉంది. రెండోదానికి ఒకవైపు పైన అద్దిన బ్రెడ్ పొడి పెంకులా లేచిపోయి లోపల చేప కనిపిస్తోంది, మిగిలినవైపు వేలితో నొక్కితే అడుగున బోలుగా ఉన్నట్టు తెలుస్తోంది. రెండింటికీ గుడ్డు రాశాను. మరి ఒకదానికి పట్టి, ఇంకోదానికి ఎందుకు పట్టలేదు? ఈరోజు నేను చెప్పబోయేది ఈ ఒక్క విషయమే.

ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నేను బండి పెట్టిన కొత్తలో ఒక నిశ్చితార్థానికి నూట యాభై కట్లెట్ల ఆర్డర్ వచ్చింది. రాత్రే ముద్దలు చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారి బయటకు తీసేసరికి వాటి మీద సన్నగా చెమట పట్టింది, దాన్ని పట్టించుకోకుండా నేరుగా గుడ్డులో ముంచి, బ్రెడ్ పొడిలో దొర్లించి నూనెలో వేశాను. మొదటి వాయి తీసేసరికి సగం పొడి మూకుడు అడుగుకు చేరింది, మూడో వాయికి ఆ పొడి మాడి నూనె నల్లబడింది, తర్వాత వేసినవాటికి ఆ చేదు అంటుకుంది. అప్పుడు గుడ్లు పాతవేమోనని అనుకున్నాను. గుడ్లు బాగానే ఉన్నాయి, పాడు చేసింది ఆ చెమట.

ఎలాగో చెబుతాను. పచ్చి గుడ్డు మనం అనుకున్నంత జిగురు కాదండీ. తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ప్రోటీన్. ఆ ప్రోటీన్ దారపు ఉండల్లా చుట్టుకుని నీళ్లలో తేలుతూ ఉంటుంది. వేడి తగిలితే ఆ ఉండలు విప్పుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి, అందుకే పల్చటి సొన తెల్లగా గట్టిపడుతుంది. 60 డిగ్రీలు దాటాక ఈ పని మొదలవుతుంది, 80 దగ్గరకొచ్చేసరికి బాగా గట్టిపడిపోతుంది. మన నూనె 170, 180 డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి పలచటి పొర గట్టిపడటానికి కొద్ది క్షణాలు చాలు. కింద కట్లెట్‌ను, పైన బ్రెడ్ పొడిని ఆ వల ఒకేసారి పట్టేసుకోవాలి. అంటే పచ్చిగా ఉన్నప్పుడు గుడ్డు చేసేది పొడిని కాసేపు ఆపి ఉంచడం వరకే, అసలు అతుకు పడేది నూనెలోనే.

ఇప్పుడు నా చెమట పట్టిన కట్లెట్ సంగతికి రండి. ముద్దకీ సొనకీ మధ్య నీటి పొర ఉంది. సొన ముద్దను తాకనే లేదు, నీళ్ల మీద నిలబడింది. నూనెలో పడగానే పైన సొన గట్టిపడింది, అడుగున నీళ్లు ఆవిరై బయటకు తోసుకొచ్చాయి, పొడి మొత్తం పెంకులా లేచిపోయింది. ఈ పళ్లెంలో రెండోది పొద్దున కావాలనే అలా తడిపి చేశాను, మీకు చూపించడానికి.

అందుకే గుడ్డు కంటే ముందు మైదా. పదహారు కట్లెట్ల లెక్క చెబుతాను, రాసుకోండి. ఉడికించి ముళ్లు తీసిన వంజరం అరకిలో, ఉడికించి చల్లార్చిన బంగాళాదుంప పావుకిలో, ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, మసాలా మీ ఇష్టం. దుంప ఉడికాక నీళ్లు వంచేసి అదే గిన్నెలో రెండు నిమిషాలు సన్నటి సెగ మీద ఆరనివ్వండి, తడి దుంప పెడితే తర్వాత ఏం చేసినా లాభం లేదు. ముద్దలు బిళ్లలుగా ఒత్తి, పైన చెమ్మ ఉంటే పొడిగుడ్డతో అద్దండి. నాలుగు పెద్ద చెంచాల మైదా ఒక పళ్లెంలో వేసి, ప్రతి బిళ్లనూ అద్ది, రెండు అరచేతుల మధ్య దులపండి. ఈ దులపడం దగ్గరే చాలామంది తొందరపడతారు. మైదా పైనున్న తడిని పీల్చుకుని సొనకు పట్టు దొరికే గరుకు పొరలా ఉండాలి, అంతే. మందంగా మిగిలితే సొన పైమైదానే పట్టుకుంటుంది, అడుగు మైదా పొడిగా ఉండిపోయి అక్కడే విడిపోతుంది. బిళ్ల రంగు మైదా కింద లీలగా కనిపిస్తుంటే సరిగ్గా ఉన్నట్టు.

రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు, రెండు చిన్న చెంచాల నీళ్లు వేసి, తీగలు తీగలుగా వేలాడే తెల్లసొన విరిగి పలచబడేదాకా గిలక్కొట్టండి. నురగ రానక్కర్లేదు. తీగలు అలాగే ఉంటే ఒకచోట ముద్దగా అంటుకుని ఇంకోచోట అసలు పట్టదు. పచ్చసొన తీసెయ్యకండి, అందులో కొవ్వుతోపాటు లెసిథిన్ ఉంటుంది, అది నూనెనూ నీటినీ కలిపి ఉంచుతుంది, రంగు కూడా బాగా వస్తుంది. ముంచి పైకెత్తి అయిదారు క్షణాలు కారనివ్వండి. ఎడమ చేయి సొనకి, కుడి చేయి పొడికి. ఒకే చేత్తో చేస్తే వేళ్లకే కట్లెట్లు తయారవుతాయి, పొడి పళ్లెం నిండా ఉండలు కడతాయి. పొడి అద్దాక మెల్లగా నొక్కి, ఇరవై నిమిషాలు పక్కన పెట్టండి, ఫ్రిజ్‌లో అయితే మూత పెట్టకుండా. ఆ లోపు బ్రెడ్ పొడి సొనలోని తడిని పీల్చుకుని కూర్చుంటుంది.

ఇక నూనె. థర్మామీటరు ఉన్నవాళ్లు 175 చూసుకోండి, లేనివాళ్లు చిటికెడు బ్రెడ్ పొడి వేయండి. వెంటనే బుడగలతో తేలాలి, వేసీ వేయగానే నల్లబడకూడదు. అడుగుకు దిగి నెమ్మదిగా లేస్తే నూనె ఇంకా కాగలేదు, అప్పుడు వేస్తే సొన గట్టిపడటం ఆలస్యమై పొడి రాలుతుంది, ఉన్నది నూనె పీలుస్తుంది. ఒక వాయికి నాలుగైదు కంటే వేయొద్దు, నూనె చల్లారిపోతుంది. వేసిన తర్వాత మొదటి నిమిషం చిల్లుల గరిటె పెట్టకండి. అంచు ఎర్రబడ్డాక తిప్పండి.

మన బూరెలు గుర్తుతెచ్చుకోండి. తోపు పిండిలో గుడ్డు ఎక్కడుంది? మినప్పప్పు జిగురే అక్కడ పూర్ణాన్ని పట్టి ఉంచుతోంది. గుడ్డు తిననివాళ్లకు కట్లెట్ చేస్తే నేను మైదా, కార్న్‌ఫ్లోర్ కలిపి గరిటె జారుగా నీళ్లతో కలుపుతాను. వేడికి ఆ పిండి పదార్థం జావలా చిక్కబడి అతుకుతుంది. పొర కొంచెం గట్టిగా, కరకరలాడుతూ వస్తుంది, కానీ గుడ్డుకుండే సాగే గుణం దానికి ఉండదు కాబట్టి తిప్పేటప్పుడు పగుళ్లు పడొచ్చు. పకోడీ పిండిలో, రొయ్యల ముక్కలు ముంచే పిండిలో గుడ్డు కలిపేవాళ్లు పావుకిలో పిండికి ఒకటి మించనివ్వకండి. ఎక్కువైతే పొర రబ్బరులా సాగుతుంది, కరకర పోతుంది.

ఇంకొక్క మాట, ఇది బండి పెట్టేవాళ్లకి. ముంచగా మిగిలిన సొనను సాయంత్రం దాకా గిన్నెలో ఉంచొద్దు. అందులో పచ్చి గుడ్డుంది, మీ చేతుల మీది చేపా మసాలా కలిశాయి, మన ఎండకు అది తొందరగా చెడుతుంది. రెండేసి గుడ్లే కొట్టుకోండి, అయిపోయాక గిన్నె కడిగి మళ్లీ కొట్టండి, మిగిలితే పారబోయండి. మైదా, పొడి పళ్లాలలో కూడా సొన తగిలింది కాబట్టి వాటిని డబ్బాలోకి తిరిగి పోయకండి.

నూనె కాగింది. ముందు వరసలో ఉన్న అక్కలు ఇద్దరు రండి, ఒకరు మైదా అద్దకుండా, ఒకరు అద్ది, చెరొకటి వేయండి, తీశాక మధ్యకు కోసి అందరికీ చూపిద్దాం.