పాలసీ నంబర్ అసలుదే, పాలసీ మాత్రం లేదు

(స్టూడియోలో యాంకర్‌తో పాటు తెనాలి నుంచి వచ్చిన ఒక గృహిణి, ఇన్సూరెన్స్ కంపెనీలో బ్రాంచ్ మేనేజర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన, ఒక న్యాయవాది ఉన్నారు.)

యాంకర్: అమ్మా, ఆ రోజు ఆస్పత్రిలో ఏమైంది?

గృహిణి: 2025 జనవరిలో మా ఆయనకు గుండె నొప్పి వస్తే గుంటూరు తీసుకెళ్ళాం. స్టెంట్ వెయ్యాలన్నారు. ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర పాలసీ కాగితం ఇస్తే, అక్కడున్న అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "ఆంటీ, ఇది పోయిన ఆగస్టులోనే అయిపోయింది" అంది. నా చేతిలో కాగితం మీదేమో 2025 ఆగస్టు వరకు అని ఉంది. 24,800 రూపాయలు కట్టాను కూడా. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. గాజులు తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించాం.

యాంకర్: అంతకు ముందు ఏడాది పాలసీ నిజమైనదేనా?

గృహిణి: నిజమైనదేనండీ. అందుకే కదా నమ్మింది! మా వీధి అబ్బాయే. నన్ను పిన్ని అనేవాడు.

మాజీ మేనేజర్: మొదటి ఏడాది పాలసీ నిజంగానే చేశాడు. అయితే ఫారంలో ఫోన్ నంబరు, ఈమెయిల్ రాసే చోట ఈవిడవి కాకుండా తనవి రాసుకున్నాడు. దాంతో రెన్యువల్ గుర్తు చేస్తూ కంపెనీ పంపిన మెసేజీలన్నీ అతనికే వెళ్ళాయి. రెండో ఏడాది డబ్బు తన సొంత ఖాతాలో వేయించుకుని, పాత పీడీఎఫ్‌లో తేదీలు మార్చి వాట్సాప్‌లో పంపేశాడు. ఆ కాగితం నేను చూశాను. తేదీలు బాగానే మార్చాడు కానీ, వాళ్ళాయన వయసు మార్చడం మర్చిపోయాడు. 52 నిండినా అందులో 51 అనే ఉంది.

యాంకర్: ముందే కంపెనీకి ఫోన్ చేసి ఉంటే తెలిసేదా?

గృహిణి: చేశానండీ! ఆ కాగితం మీదున్న నంబరుకే చేశాను. ఎవరో ఎత్తి "మీ పాలసీ యాక్టివ్‌గా ఉంది మేడమ్" అన్నారు. ఆ నంబరు కూడా వాడు మార్చిందేనని తర్వాత తెలిసింది.

మాజీ మేనేజర్: ఇది అందరూ పట్టించుకోవాల్సిన విషయం. కాగితాన్ని సరిచూడడానికి ఆ కాగితం మీదున్న నంబరే వాడకూడదు. దాని మీద క్యూఆర్ కోడ్ ఉన్నా అంతే. కంపెనీ వెబ్‌సైట్ మీరే తెరిచి, అందులో ఉన్న నంబరుకు చేయండి. అసలు ఆ కంపెనీ ఉందో లేదో అనుమానం వస్తే, బీమా కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ సైటు irdai.gov.in లో అనుమతి ఉన్న కంపెనీల జాబితా చూడొచ్చు.

యాంకర్: ఫోన్ చేసి ఏమని అడగాలి సార్?

మాజీ మేనేజర్: "పాలసీ ఉందా?" అని అడిగితే చాలదు. ఈవిడ కాగితం మీది నంబరు అసలుదే, గడువు అయిపోయిన పాలసీది. ఒక్కోసారి వేరే ఎవరి నంబరో పెడతారు. అందుకని ఎవరి పేరు మీద ఉంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని లక్షలకు, ప్రీమియం ఎంత ముట్టింది అని వాళ్ళ చేతే చెప్పించాలి. చివరగా, రికార్డులో ఉన్న మొబైల్ మీదేనా అని అడగండి. ఇంకా తేలికైనది ఉంది. కంపెనీ యాప్‌లో మీ నంబరుతో లాగిన్ అవ్వండి. ఓటీపీ మీ ఫోన్‌కు రాకపోయినా, వచ్చాక పాలసీ కనిపించకపోయినా, ఆ కాగితం తీసుకుని అదే రోజు బ్రాంచికి వెళ్ళండి.

యాంకర్: అదే రోజు అని ఎందుకంటున్నారు?

మాజీ మేనేజర్: ఏడాదికోసారి కట్టే పాలసీకి గడువు దాటాక 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ లోపు కడితే, పాత జబ్బులకు క్లెయిమ్ రావడానికి ఆగాల్సిన వెయిటింగ్ పీరియడ్‌లో అప్పటిదాకా గడిచిన కాలం వృథా కాదు. కట్టని ఆ రోజుల్లో ఆస్పత్రిలో చేరితే మాత్రం క్లెయిమ్ రాదు. ఈవిడకు సెప్టెంబరులో తెలిసుంటే పాలసీ నిలబడేది.

యాంకర్: లాయర్ గారూ, ఏజెంట్ తప్పుకు కంపెనీ బాధ్యత ఉండదా?

న్యాయవాది: ఏజెంట్ ప్రీమియం వసూలు చేస్తే, సెలవులు మినహా 24 గంటల్లో కంపెనీకి జమ చేయాలి. 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ చెప్పేది అదే. అయితే డబ్బు అతని సొంత ఖాతాకు పోతే, మాకు ముట్టలేదని కంపెనీ వాదిస్తుంది. వినియోగదారుల కమిషన్‌లో పోరాడొచ్చు, కానీ గెలుస్తామని ముందే చెప్పలేం. అందుకే పేమెంట్ లింకు కంపెనీ సైటు నుంచే తెరవాలి.

యాంకర్: మోసం బయటపడ్డాక?

న్యాయవాది: వాట్సాప్ చాట్, ఆ పీడీఎఫ్, పేమెంట్ వివరాలు దేన్నీ తీసేయకండి. కోపంలో చాట్ డిలీట్ చేసినవాళ్ళను చూశాను, ఎంత బాధేస్తుందో! ఆన్‌లైన్‌లో డబ్బు పంపి ఎంతోసేపు కాకపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పోలీసు కేసు మోసం, ఫోర్జరీ కింద పెట్టాలి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, స్పందన లేకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో పెట్టండి, లేదా 155255కి చేయండి.

యాంకర్: ఇప్పుడు మీకు పాలసీ ఉందా అమ్మా?

గృహిణి: కొత్తది తీసుకున్నాం. బ్రాంచికి వెళ్ళి నా నంబరే రాయించాను, మెసేజ్ వచ్చాకే బయటికొచ్చాను. కానీ గుండె జబ్బు ఇప్పుడు పాత జబ్బు కింద రాశారు. దానికి మూడేళ్ళు ఆగాలట.