గోడ మీద వెలుతురు కొలిచాక రాసిన ఉత్తరం

అందరికీ నమస్కారం.

తరగతి గదికి ప్రొజెక్టర్ కావాలని హెడ్మాస్టర్ గారికి నేను రాసిన మొదటి ఉత్తరం నాలుగు రోజులకే నా టేబుల్ మీదికి తిరిగొచ్చింది. అంచున పెన్సిల్‌తో ఒకే ప్రశ్న ఉంది: "ఏ పాఠానికి?" అప్పుడు మళ్లీ చదువుకున్నాను. "ఆధునిక బోధనకు ప్రొజెక్టర్ ఎంతో అవసరం" అని రాశాను. ఆ వాక్యంలో ప్రొజెక్టర్ తీసేసి కంప్యూటర్ అని పెట్టినా సరిపోతుంది. ఆయన ఆ కాగితాన్ని కమిటీ ముందు పెట్టాలి, అక్కడ అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. ఆ జవాబులేవీ నేను ఆయన చేతికి ఇవ్వలేదు. ఈరోజు నా రెండో ఉత్తరం గురించి చెబుతాను.

నేను సైన్సు చెబుతాను. కణం పాఠానికి ఉల్లిపొర స్లైడు చూపించాలి. మాకున్నది ఒకటే మైక్రోస్కోపు, తరగతిలో 42 మంది. ఒక్కొక్కరికి ఒక్క నిమిషం ఇచ్చినా 45 నిమిషాల పీరియడ్‌లో మిగిలేవి 3 నిమిషాలు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. పిల్లవాడు కన్ను పెట్టి "చూశాను మేడమ్" అంటాడు. ఏం చూశాడో నాకు తెలియదు. నోటు పుస్తకాలు దిద్దుతుంటే చాలామంది బొమ్మల్లో నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా ఒకటి కనిపించింది. అది కణం కాదు, స్లైడులో చిక్కుకున్న గాలి బుడగ. అదే దృశ్యం గోడ మీద పడితే దాని మీద వేలు పెట్టి "ఇది బుడగ, పక్కన ఇటుకల్లా పేర్చినట్టున్నవే కణాలు" అని 42 మందికీ ఒకేసారి చెప్పగలను. ఉత్తరంలో మొదటి కారణంగా ఇదే రాశాను. పదిహేను కారణాలు రాయాల్సిన పని లేదు. ఇలాంటి కారణం ఒక్కటి ఉన్నా చదివేవాళ్ల కళ్ల ముందు మీ తరగతి కనిపిస్తుంది.

రాసే ముందు తెలిసినవాళ్ల దగ్గర ఒకరోజుకు ప్రొజెక్టర్ అడిగి తెచ్చాను. 3000 ల్యూమెన్లది, ల్యూమెన్లంటే మిషన్ వెదజల్లే వెలుతురు కొలత. ఉదయం రెండో పీరియడ్‌లో పెడితే గోడ మీద బొమ్మ పాలిపోయి కనిపించింది. వెనక బెంచీ వాళ్లు "అక్షరాలు కనపడట్లేదు" అన్నారు. ఇంకా పెద్ద మిషన్ అడగాలేమో అని టెన్షన్ పడ్డాను. అడిగి ఉంటే తప్పయ్యేది. లెక్క ఎలా వేశానో చెబుతాను, ఇది ఏ గదికైనా పనికొస్తుంది.

మా చివరి బెంచీ గోడకు 9 మీటర్ల దూరం. మామూలు అక్షరాలు అక్కడికి ఇబ్బంది లేకుండా కనిపించాలంటే బొమ్మ ఎత్తు ఆ దూరంలో ఆరో వంతు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే ఒకటిన్నర మీటరు. వెడల్పు 2 మీటర్లు అనుకుంటే బొమ్మ వైశాల్యం 3 చదరపు మీటర్లు. 3000 ల్యూమెన్లు 3 చదరపు మీటర్ల మీద పరుచుకుంటే ఒక్కో చదరపు మీటరుకు 1000, దాన్నే 1000 లక్స్ అంటాం. కిటికీలు తెరిచి, ఫోనులో లక్స్ మీటర్ యాప్ పెట్టి గోడ దగ్గర కొలిస్తే దాదాపు 300 వచ్చింది. ఫోను కొలత ఖచ్చితం కాదు కానీ ఈ పనికి చాలు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నలుపు ఉండాల్సిన చోట వెలుతురు వేయకుండా వదిలేస్తుంది, అంతే. అందుకని బొమ్మలో నలుపు అంటే గోడ మీద అప్పటికే ఉన్న ఆ 300. తెలుపు 1300. తెలుపు నలుపు కంటే నాలుగు రెట్లకు కాస్త ఎక్కువ, అంతే. రెట్టింపు మిషన్, 6000 ల్యూమెన్లది కొన్నా 2300కి 300, ఎనిమిది రెట్లు కూడా రాదు. అదే బోర్డు పక్కనున్న రెండు కిటికీలకు మందపాటి కర్టెన్లు కట్టి, ముందు లైటు ఆపితే గోడ మీద వెలుతురు 50కి పడిపోయింది. ఇప్పుడు 1050కి 50, అంటే 21 రెట్లు. నేను దుప్పట్లు కట్టి చూశాను, పిల్లలే పట్టుకున్నారు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి బుడగ అంచు దగ్గర ఉన్న చిన్న గీత కూడా చూసి చెప్పింది. అందుకే నా బడ్జెట్‌లో కర్టెన్లు ఉన్నాయి, పెద్ద మిషన్ లేదు.

బడ్జెట్‌లో డబ్బు అంకెలు మీరు తెచ్చుకున్న కొటేషన్లలోవి వేసుకోండి. మొత్తాన్ని 100 అనుకుని నా కాగితంలో ఏది ఎంతో చెబుతాను. ప్రొజెక్టర్‌కు 70. పైకప్పుకు బిగించే స్టాండు, పొడవాటి కేబుల్, ప్లగ్ పాయింటు కలిపి 10. కర్టెన్లకు 8. తెర కొనకుండా గోడకు మెరుపు లేని తెల్ల రంగు వేయించడానికి 2. మిగతా 10 విడిగా ఉంచమన్నాను, ఫిల్టర్ శుభ్రానికీ చిన్న రిపేర్లకూ. కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పొడవాటి నాసిరకం కేబుల్ అయితే పాఠం మధ్యలో బొమ్మ మినుకుమినుకుమంటుంది, లేదా "No Signal" అని వస్తుంది. మిషన్ పాడైందనుకుని బీరువాలో పెట్టేస్తారు.

కొటేషన్ తీసుకునేటప్పుడు ఆన్సీ లేదా ఐఎస్ఓ ల్యూమెన్లు, అంటే లెన్స్ దాటి వచ్చే వెలుతురును ప్రమాణం ప్రకారం కొలిచిన అంకె, ఎన్నో రాసివ్వమని అడగండి. చిన్న చవక మిషన్ల డబ్బాల మీద ల్యూమెన్లని పెద్ద అంకె వేస్తారు, అది చాలాసార్లు లోపలి బల్బు గురించి చెప్పేది. లెన్స్ దాటి గోడకు చేరేది అందులో కొంతే.

లాంపు పోతే ఎలా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. రోజుకు 2 గంటలు, ఏడాదికి 200 పనిదినాలు, అంటే 400 గంటలు. 4000 గంటల లాంపు కాగితం మీద పదేళ్లు రావాలి. దుమ్ము, వేడి వల్ల తగ్గుతుంది, ఆ గంటలు దగ్గరపడేసరికి వెలుతురు సగానికి వస్తుంది కూడా. అందుకే నేను సగం కోసేసి అయిదేళ్లు అని రాశాను. లేజర్‌ది ఎక్కువ కాలం వస్తుంది కానీ ఈ కొద్ది వాడకానికి అంత ఖర్చు అక్కర్లేదు.

చివరికి ఉత్తరం ఇలా తయారైంది:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, నమస్కరించి వ్రాయునది.

విషయం: సైన్సు గదికి ఒక ప్రొజెక్టర్ కోరుతూ.

42 మంది తరగతికి ఒకే మైక్రోస్కోపు ఉండటం వల్ల స్లైడు చూపించడానికే పీరియడ్ అయిపోతోంది. చూసినవారిలో చాలామంది గాలి బుడగను కణంగా గీస్తున్నారు, నోటు పుస్తకాలు జతచేస్తున్నాను. అడిగి తెచ్చిన ప్రొజెక్టర్‌తో మన గదిలో పరీక్షించాను. కర్టెన్లు ఉంటే 3000 ల్యూమెన్లు చాలు, అంతకు మించినది కోరడం లేదు. మూడు కొటేషన్లు, ఖర్చు వివరం వెనుక ఉన్నాయి. గది గదికీ మోసుకెళితే బిగించి ఫోకస్ చేసుకోవడానికే ప్రతిసారీ 8 నిమిషాలు పోతాయి గనుక దీన్ని ఒకే గదిలో బిగించి, మిగతా తరగతులు టైమ్‌టేబుల్ ప్రకారం అక్కడికి వచ్చేలా ఏర్పాటు కోరుతున్నాను. వాడకం రిజిస్టరు, నెలకోసారి ఫిల్టర్ శుభ్రం నా బాధ్యత. ఒకేసారి నిధులు కుదరకపోతే కర్టెన్లు, రంగు, ప్లగ్ పాయింటు ఈ ఏడాది, ప్రొజెక్టర్ వచ్చే ఏడాది ఇప్పించగలరు.

ఇట్లు, మీ విధేయురాలు."

ఈసారి ఉత్తరం వెనక్కి రాలేదు. ఆయనే సైన్సు గదికి వచ్చి, నోటు పుస్తకాల్లో బుడగ బొమ్మలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. తర్వాత కిటికీ దగ్గర నిలబడి "కర్టెన్లకు కొలతలు తీసుకున్నారా?" అని అడిగారు. ఉత్తరం వెనకే ఉన్నాయి, చూపించాను.