12 బై 18 ఫ్రేముకి మూడు ఫోటోలు: ఏది తట్టుకుంది?

హాయ్ అండీ. ఇదిగో ఈ గోడ చూశారా, మేకు కొట్టి నెలయింది, ఫ్రేమ్ మాత్రం ఇంకా ఎక్కలేదు. అమ్మానాన్నల షష్టిపూర్తి ఫోటో ఒకటి నిలువుగా 12 బై 18 అంగుళాల్లో వేయిద్దామనుకుంటే ఇంట్లో ముగ్గురికి మూడు ఫోటోలు నచ్చాయి. సరే, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఏది బాగుందని కాదు, ఏది ఈ సైజుకి తట్టుకుంటుందని.

మొదటిది ఫోటోగ్రాఫర్ ఇచ్చింది. 24 మెగాపిక్సెల్, 6000 బై 4000. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా? కానీ ఫోటో అడ్డంగా ఉంది, మన ఫ్రేమేమో నిలువు. నిలువుగా కత్తిరిస్తే ఎత్తు 4000 మించదు, అందులోనూ పైనంతా మండపం పూలు, కిందంతా కొబ్బరికాయల బుట్టలు, అవన్నీ తీసేసి అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసరికి మిగిలింది 2000 బై 3000. అంటే 24లో మనకి దక్కింది 6 మెగాపిక్సెల్. 3000ని 18తో భాగించండి, అంగుళానికి 167 పిక్సెల్స్. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కి 300 అంటారు గానీ, నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే గోడ ఫోటోకి 150 దాటితే నడిచిపోతుంది. పాసే, కాకపోతే బొటాబొటిగా. అన్నట్టు, ఫైల్ ప్రాపర్టీస్‌లో 72 డిపిఐ అని చూసి కంగారుపడకండి, దాన్ని 300కి మార్చినంత మాత్రాన ఒక్క పిక్సెల్ కూడా పెరగదు.

అసలు గొడవ నాయిస్‌తో. రాత్రి ముహూర్తం, ఫ్లాష్ లేకుండా ఐఎస్ఓ 6400లో, అంటే తక్కువ వెలుగుకి కెమెరా సున్నితత్వం బాగా పెంచి తీశారు. మొహాలు చూస్తే ఏమీ తెలీదు, ఎందుకంటే వెలుగు అక్కడే ఉంది. నాయిస్ చూడాలంటే నీడలోకి వెళ్లాలి: ఇదిగో, నాన్న చెవి వెనక జుట్టు, అమ్మ చీర ముదురు ఆకుపచ్చ మడతలు. ఎర్రవీ నీలంవీ చుక్కలు ఇసక చల్లినట్టు కనిపిస్తున్నాయా? ఫోటోని కత్తిరించి పెద్దది చేస్తే మనుషులతో పాటు ఈ ఇసక కూడా పెద్దదవుతుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. డీనాయిస్ స్లైడర్ జరిపి చూశాను, చుక్కలు పోయాయి, వాటితో పాటే జరీ గీతలూ పోయి అంచంతా పసుపు పూసినట్టయింది. సగానికి తగ్గించి ఆపేశాను.

అయితే స్క్రీన్ మీద చూసి తీర్పు ఇవ్వకండి. మామూలు మానిటర్‌లో 100 శాతం జూమ్ అంటే, మన ప్రింటులో కనిపించే దానికంటే పెద్దగా చూపిస్తున్నట్టే. అందుకని నేనేం చేస్తానంటే, ఆ 2000 బై 3000లోంచి సరిగ్గా 667 బై 1000 ముక్క, అదీ నీడ ఉన్నచోట తీసి, 4 బై 6 కాగితం మీద వేయిస్తాను. పెద్ద ప్రింటులో ఆ భాగం ఎలా వస్తుందో అచ్చం అలాగే వస్తుంది, ఖర్చేమో ఒక చిన్న ఫోటోది. ఇదిగో ఆ ముక్క. చేయి చాపినంత దూరంలో చుక్కలు తెలుస్తున్నాయి, గోడకి ఆనించి నాలుగడుగులు వెనక్కి వస్తే పోయాయి.

రెండోది నేను ఫోన్‌తో ఉదయం పందిట్లో తీసింది. 3000 బై 4000, ఐఎస్ఓ 50, నీడలు కూడా శుభ్రంగా ఉన్నాయి. మరి ఇదే వేయించొచ్చుగా? ఇక్కడ చోటు చాలలేదండీ. ఫోన్ ఫోటో 3:4, మన ఫ్రేమ్ 2:3, కాబట్టి వెడల్పులో 333 పిక్సెల్స్ పోవాలి. ఎడమపక్క కోస్తే అమ్మ మోచేయి పోతుంది, కుడిపక్క కోస్తే నాన్న భుజం. తల మీద కూడా వేలెడు ఖాళీ లేదు, ఫ్రేమ్ అంచు కింద పావు అంగుళం దాక్కుంటుందని తీసేటప్పుడు నాకెక్కడ తట్టింది!

మూడోది బావ వాట్సాప్‌లో పంపింది. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు, మూడింట్లో ప్రాణం ఉన్నది ఇదే. కానీ వచ్చింది 1200 బై 1600. 18 అంగుళాలకి లాగితే అంగుళానికి 89. నాన్న మీసం చుట్టూ చిన్న చిన్న గళ్లు కనిపిస్తున్నాయి చూడండి, అది నాయిస్ కాదు, కంప్రెషన్, అంటే పంపేటప్పుడు ఫైల్‌ని కుదించిన గుర్తులు, డీనాయిస్ స్లైడర్‌తో పూర్తిగా పోదు. ఒరిజినల్‌ని డాక్యుమెంట్‌గా పంపమని అడిగితే, ఫోన్ నిండిపోయిందని డిలీట్ చేశాడట. ఇది 5 బై 7లో టేబుల్ మీదకి చక్కగా సరిపోతుంది, అంగుళానికి 229 వస్తుంది.

చివరికి గోడకి రెండోదే తీసుకున్నాను, కాకపోతే ఫోటోని కాకుండా సైజుని మార్చాను. 12 బై 16లో అయితే అసలు కత్తిరించక్కర్లేదు, అంగుళానికి 250. ల్యాబ్‌లో 12 బై 18 కాగితం మీదే పైనా కిందా అంగుళం చొప్పున తెల్లగా వదిలి వేయమన్నాను, పక్కల మాత్రం ఫ్రేమ్ అంచు మోచేతిని మింగకుండా చుట్టూ మౌంట్ పెట్టించి కాస్త పెద్ద ఫ్రేమ్ చెప్పాను. గురువారం ఇస్తామన్నారు. మేకు మాత్రం రెండంగుళాలు పైకి మార్చాలి.