తడి డబ్బాలోకి నీళ్లు పోనివ్వకండి

నమస్కారం అండీ. ఆదివారం పొద్దున చెత్త గురించి మాట్లాడతామంటే ఇంతమంది వస్తారని కమిటీవాళ్లు అనుకోలేదు, కుర్చీలు కూడా తక్కువ వేశారు. వెనక నిలబడ్డవాళ్లు ఏమీ అనుకోకండి, ఎక్కువసేపు తీసుకోను.

నియమం మీకందరికీ తెలిసిందే. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు చెప్పినప్పటి నుంచి బెంగళూరులో రెండు డబ్బాలు, ఒక సంచి అనే పద్ధతి ఉంది. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, శానిటరీ ప్యాడ్లూ డైపర్లూ లాంటివాటికి ఎర్ర డబ్బా, పొడి చెత్తకు సంచి. తడి డబ్బాలో ప్లాస్టిక్ కవర్ వేయకూడదు. పొద్దున చెత్త ఆటోవాళ్లు హసి కస, ఒణ కస అని అడిగేది ఈ తడి, పొడి గురించే. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మన మారతహళ్లి ఫ్లాట్లలో ఉండే ఆ చిన్న వంటగదిలో ఇవన్నీ ఎక్కడ పెట్టాలి, కవర్ లేకపోతే కంపు కొట్టదా అన్న దగ్గరే.

నేను చూసినంతలో మొదలుపెట్టి మానేసిన ఇళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం వాసనే. బద్ధకం అని కమిటీ మీటింగుల్లో అంటుంటారు గానీ, అది నేనొప్పుకోను. కవర్ తీసేసిన మూడో రోజుకి డబ్బా అడుగున నల్లటి నీళ్లు, చుట్టూ చిన్న ఈగలు కనిపిస్తే ఎవరికైనా విసుగొస్తుంది. మళ్లీ కవర్ వేస్తారు. ఆ కవర్ విప్పడం తర్వాత ఎవరో పౌరకార్మికుల చేతుల మీద పడుతుంది. కాబట్టి ఈరోజు ఎక్కువగా ఆ నీళ్ల గురించే మాట్లాడతాను.

కూరగాయల తొక్కల్లో సహజంగానే ఎనభై, తొంభై శాతం నీరుంటుంది. దాంతో పెద్ద ఇబ్బంది లేదు, మెల్లగా బయటికొస్తుంది. ఇబ్బంది మనం పైనుంచి పోసే నీళ్లతో. పిల్లలు వదిలేసిన సాంబారు, అడుగున మిగిలిన మజ్జిగ, చింతపండు పిసికిన పిప్పి, వడకట్టకుండా పారేసిన టీ పొడి, ఇవన్నీ డబ్బాలో పడితే చెత్త మధ్య ఉన్న ఖాళీలు నీటితో నిండిపోతాయి. గాలి ఆడదు. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా అప్పుడు పని మొదలుపెడుతుంది. పుల్లటి వాసన వస్తే ఇంకా తొలిదశలోనే ఉన్నట్టు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే అడుగున నీళ్లు నిలిచి చాలాసేపయిందని అర్థం. డబ్బాను కాస్త వంచి చూడండి. నీళ్లు కదులుతుంటే చెత్త సరిగ్గా వేరు చేసినా డబ్బా తప్పుగా వాడుతున్నట్టే.

అందుకే నేను అమరికను సింకు దగ్గర మొదలుపెడతాను, డబ్బా కొనడం తర్వాత. సింకు రంధ్రంలో స్టీలు జాలీ ఒకటి, సింకు పక్కన పాతబడిన చిల్లుల గిన్నె ఒకటి. ద్రవం ఉన్నది ఏదైనా ముందు ఆ గిన్నెలోకి, కింద సింకులోకి కారనివ్వాలి. గిన్నెలో మిగిలింది డబ్బాలోకి. సాంబారులో ములక్కాడ ముక్కలు, రసంలో టమాటా తొక్క, టీ పొడి అన్నీ ఇదే దారి. టీ పొడిని వడకట్టులోనే చెంచాతో ఒకసారి నొక్కితే చాలు. నూనె బాగా తేలే కూర మాత్రం సింకులో వద్దు, పైపులో పేరుకుంటుంది. ఆ కూర గిన్నెను న్యూస్‌పేపర్ ముక్కతో తుడిచి ఆ కాగితాన్ని తడి డబ్బాలో వేయండి. కంపోస్టులో కాగితం కుళ్లిపోతుంది.

ఇక డబ్బా. నలుగురున్న ఇంట్లో రెండు పూటలా వండితే తడి చెత్త రోజుకి ఒక కిలోకి అటూ ఇటూ వస్తుంది. అది రెండు, మూడు లీటర్ల చోటులో పడుతుంది. కాబట్టి ఏడెనిమిది లీటర్ల మూత డబ్బా చుట్టాలొచ్చినా సరిపోతుంది. ఇరవై లీటర్లది కొంటే నిండలేదు కదా రేపు పారేద్దాం అనిపిస్తుంది, అసలు చిక్కు అక్కడే. అడుగున న్యూస్‌పేపర్ ఒక పూర్తి షీటు నాలుగు మడతలు పెట్టి, పక్కలకి ఇంకో షీటు తొడిగినట్టు వేయండి. తొక్కల్లోంచి ఊరే నీటిని అది పీల్చుకుంటుంది, పొద్దున కుమ్మరించేటప్పుడు చెత్త అంతా ఒకేసారి జారి పడుతుంది. తర్వాత గిన్నెలు తోమిన చివరి నీళ్లతో డబ్బాను ఒకసారి కడిగి బోర్లించాలి. తడిగా ఉన్నప్పుడే కాగితం వేస్తే అది పీల్చేదేమీ ఉండదు.

ఆకుపచ్చ రంగులో కంపోస్టబుల్ అని రాసి అమ్మే కవర్ల గురించి ముందు వరసలో ఒక అక్కయ్య వచ్చేటప్పుడే అడిగారు. ధృవీకరణ ఉన్న అసలైనవి ఉన్నాయి, అబద్ధం కాదు. కానీ అవి పెద్ద కంపోస్ట్ ప్లాంటులో, బాగా వేడెక్కే గుట్టలో కరగడానికి చేసినవి. మన బాల్కనీ కుండీలో నెలలు గడిచినా కనిపిస్తూనే ఉంటాయి. పైగా ఆటో దగ్గర నిలబడ్డ మనిషికి ఏది అసలుదో ఏది నకిలీదో తెలిసే దారి లేదు. అన్నిటినీ ప్లాస్టిక్ అనే చించి పక్కన పడేస్తారు. ఆ డబ్బులతో రెండు జాలీలు కొనుక్కోండి.

ఎక్కడ పెట్టాలి? చాలామంది సింకు కింద అల్మరాలో పెట్టి తలుపు మూస్తారు. చీకటి, తేమ, పక్కనే డ్రెయిన్ పైపు. బొద్దింకలకు అంతకన్నా మంచి చోటు ఉండదు. మూసిన తలుపు వెనక వాసన కూడా చేరి, తీసినప్పుడల్లా ఒక్కసారిగా కొడుతుంది. డబ్బాను యుటిలిటీలో, వాషింగ్ మెషీన్ పక్కన గాలి తగిలేచోట పెట్టండి. కూరలు తరిగేటప్పుడు గట్టు మీద ఒక గిన్నె చాలు, వంటయ్యాక ఒకసారి తీసుకెళ్లి కుమ్మరించవచ్చు. యుటిలిటీ లేని ఫ్లాట్లలో వంటింటి కిటికీ కింద. పొడి సంచిని కింద పెట్టకండి, తలుపు వెనక కొక్కేనికి తగిలించండి. కింద పెడితే నేల తుడిచే నీళ్లు తగిలి అట్టపెట్టెలు మెత్తబడతాయి. ఎర్ర డబ్బాకి వంటగదిలో పనే లేదు. అది బాత్రూములో ఉండాలి. వంటింటి నుంచి దానిలోకి వెళ్లేది ఊడ్చిన దుమ్ము, వెంట్రుకలు, అరిగిన స్క్రబ్బర్ అంతే.

పొడి చెత్తకు నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: సంచిలో చెయ్యి పెడితే చేతికి తడి గానీ జిడ్డు గానీ అంటకూడదు. సరే, ఒక శనివారం తీసుకుని చూద్దాం. పొద్దున కాఫీకి పాల ప్యాకెట్. మూల పూర్తిగా కత్తిరించి పారేయకండి, కొంచెం అతుక్కునే ఉండేలా కోయండి. ఆ చిన్న ముక్క విడిపోతే ఎవరూ ఏరలేరు, కాలవలోకి పోతుంది. ప్యాకెట్‌ని పూర్తిగా తెరిచి, ఒకసారి నీళ్లతో కడిగి సింకు మీద గోడకి అతికించినట్టు వేస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. ఇడ్లీకి కొబ్బరి చట్నీ చేశారు, చిప్ప మిగిలింది. ఇది తడి చెత్తే గానీ త్వరగా కుళ్లదు, ముక్కలు చేసే యంత్రానికి కూడా కష్టం. విడిగా పక్కన పెట్టి ఇస్తే మేలు. మధ్యాహ్నం దొండకాయ వేపుడు, పప్పు. దొండకాయ కొనలు, ఉల్లిపొట్టు, కరివేపాకు రెబ్బలు, కోడిగుడ్డు పెంకులు అన్నీ ఆకుపచ్చ డబ్బాలోకి. కొత్త నూనె ప్యాకెట్ తెరిచారు. దాన్ని నూనె డబ్బాలోకి వంచి, ఒక గంట తలకిందులుగా నిలబెట్టి, తర్వాత కోసి లోపల శనగపిండితోనో గోధుమపిండితోనో తుడిస్తే జిడ్డు పోతుంది. ఆ పిండి చపాతీలోకి కలిపేవాళ్లు కూడా ఉన్నారు, మా ఇంట్లో అలాగే.

రాత్రి బయటి నుంచి బిర్యానీ వచ్చింది. మొత్తం రోజులో చిక్కంతా ఇక్కడే. ఎముకలు, నిమ్మచెక్క, మిగిలిన మెతుకులు తడి. రైతా డబ్బా, సాలన్ డబ్బా, వాటి మూతలు కడిగి ఆరబెట్టి పొడి. అర్ధరాత్రి ఎవరు కడుగుతారు అంటారు. కడగక్కర్లేదు, నీళ్లు పోసి సింకులో వదిలేయండి, పొద్దున జిడ్డు తేలిగ్గా పోతుంది. నూనె పీల్చిన టిష్యూ తడిలోకి. కాగితం గ్లాసు అని మనం అనుకునేదానికి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది పొడిలోకి. అట్టపెట్టెలో నూనె మరకలున్న భాగాన్ని చింపి తడిలో, శుభ్రంగా ఉన్న భాగాన్ని మడిచి పొడిలో వేయాలి. కెచప్ సాచెట్ లోపల కడగడం ఎవరివల్లా కాదు. సగం మిగిలితే ఖాళీ చేసి, మడిచి పొడిలో పడేయండి. దాని కోసం పావుగంట నీళ్లు ధారపోయడం నాకు సమ్మతం కాదు.

ఈగల గురించి ఒక మాట. అరటితొక్క మీద తిరిగే చిన్న ఈగ గుడ్డు నుంచి పెద్దదవడానికి మన వాతావరణంలో వారం పైనే పడుతుంది. డబ్బా రోజూ ఖాళీ చేస్తున్నా ఈగలున్నాయంటే అవి డబ్బాలో పుట్టినవి కావు. ఉల్లిపాయలు, బంగాళాదుంపల బుట్ట అడుగు చూడండి, సింకు జాలీ కింద చూడండి, పొడి సంచిలో కడగని జ్యూస్ డబ్బా ఉందేమో చూడండి. నేను వెళ్లి చూసిన ఇళ్లలో ఎక్కువగా ఉల్లిపాయల బుట్టలోనే దొరికింది.

ఆదివారం చికెన్ వేరే సంగతి. దాని మీద వాలేది పెద్ద ఈగ, అది పెట్టిన గుడ్లు ఒక్క రోజులోపే పగులుతాయి. ఆ మర్నాడు ఆటో రాకపోతే పురుగులు కనిపిస్తాయి. తోలు, కొవ్వు, ఎముకలు కాగితంలో చుట్టి ఒక పాత టిఫిన్ డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి, ఆటో వచ్చే పొద్దున తీసి ఇవ్వండి. మా అత్తగారిలాగా ఫ్రీజర్‌లో చెత్తేమిటి అనేవాళ్లుంటే, చికెన్ కొట్టు దగ్గరే తోలు తీయించి అక్కడే వదిలేయడం రెండో దారి.

చివరగా పనామె సంగతి. చాలా ఇళ్లలో డబ్బా కిందికి తీసుకెళ్లేది ఆమే. మనం ఇంతా నేర్చుకుని ఆమెకు చెప్పకపోతే, ఊడ్చిన దుమ్ము రోజూ తడి డబ్బాలో పడుతుంది. ఎర్ర డబ్బా ఎక్కడుందో చూపించండి, డబ్బా కడగడం ఆమె పనిలో ఉందో లేదో ముందే మాట్లాడుకోండి. పగిలిన గాజు మాత్రం ఆమెకు ఇవ్వకండి. కాగితంలో చుట్టి, పైన రాసి, మీరే వెళ్లి ఆటో దగ్గర చెప్పి చేతికివ్వండి. పాత సెల్లులు, బల్బులు, గడువు తీరిన మాత్రలకు కింద సెక్యూరిటీ గదిలో ఒక పెట్టె పెట్టించాం, అవి ఈ మూడింటిలో దేనిలోకీ పోవు.

కింద బేస్‌మెంటులో అన్నీ మళ్లీ కలిపేస్తున్నారన్న ఫిర్యాదు కూడా విన్నాను. ఉత్త మాట కాదు, కొన్ని రోజులు అలా జరిగింది. ఇప్పుడు తడి చెత్త డ్రమ్ములు ఒక వైపు, సంచులు ఒక వైపు విడిగా పెట్టించాం. పొద్దున ఆరున్నరకి లిఫ్టు దిగి వాకింగ్‌కి వెళ్లేవాళ్లు ఒకసారి అటు తిరిగి చూసి, కలిపేస్తున్నట్టు కనిపిస్తే ఫోటో తీసి కమిటీ గ్రూపులో పెట్టండి. ఏ టవరో, ఎన్ని గంటలకో రాయడం మర్చిపోకండి, అది లేకుండా కాంట్రాక్టరుతో మాట్లాడలేం.