నాలుగు ట్రాకులతో రెండు నిమిషాల పాట: ఎల్‌ఎంఎంఎస్‌లో నచ్చినది ఒకటి, విసిగించినది ఒకటి

నమస్కారం. ముందుగా ఒక మాట చెప్పాలి. నా ముందున్న ఈ యూఎస్‌బీ మైకు ఒక కంపెనీ ఉచితంగా పంపింది. దాని పెట్టె విప్పే వీడియోలు ఇప్పటికే బోలెడు ఉన్నాయి కాబట్టి నేను మళ్లీ విప్పను. దానితో ఒక పాట పూర్తి చేస్తాను. పాట కట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం నేను ఎంచుకున్నదే: ఎల్‌ఎంఎంఎస్. ఇది ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. నా దగ్గరున్నది 1.2 వెర్షన్. ఇందులో ఏమేమి వాయిద్యాలున్నాయో వాళ్ల వెబ్‌సైటులోనే ఉంది, ఆ జాబితా చదివి మీ సమయం తినను.

షరతు ఒక్కటే: డ్రమ్స్, బేస్, కార్డ్స్, గొంతు. ఈ నాలుగే, ఐదో ట్రాకు లేదు. ఇంతకు ముందు వాడిన పెద్ద సాఫ్ట్‌వేర్‌లో నా పాటలన్నీ ముప్పై ట్రాకుల దగ్గర ఆగిపోయేవి. వేణువు మార్చాలా, వయొలిన్లు పెంచాలా అనుకుంటూ కూర్చుంటే చరణం రాసే పని వెనక్కి పోతుంది.

టెంపో నిమిషానికి 96 బీట్లు పెట్టాను. 96లో నాలుగు బీట్ల బార్ సరిగ్గా రెండున్నర సెకన్లు, అంటే 48 బార్లకు రెండు నిమిషాలు. మొదట 4 బార్లు, పల్లవి 8, మధ్యలో 4, చరణం 16, మళ్లీ పల్లవి 8, చివర హమ్మింగ్ 8. మన పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య పెద్ద సంగీతం ఉంటుంది కదా, దాన్ని వాయించడానికి ఇక్కడ ఎవరూ లేరు. అందుకే నాలుగు బార్లకు కుదించాను. ఎనిమిది పెడితే ఖాళీ తెలిసిపోతుంది.

డ్రమ్స్ దగ్గర ఎల్‌ఎంఎంఎస్ ఒక పేచీ పెడుతుంది. Beat/Bassline అనే దాని లోపల కిక్, స్నేర్, హైహ్యాట్ అన్నీ ఇముడుతాయి, పాటలో అది ఒకే వరుసగా కనిపిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ చరణానికి వేరే బీటు కావాలంటే ఇంకో వరుస వస్తుంది, నా షరతు తప్పుతుంది. కాబట్టి ఒకే బీటును 16 గడుల నుంచి 64 గడులకు పెంచి, నాలుగు బార్ల పొడవు చేశాను. నాలుగో బార్ చివర చిన్న ఫిల్. పల్లవి తిరిగి మొదలయ్యే ముందు ఒక బార్‌లో డ్రమ్స్ తీసేశాను. ఆ నిశ్శబ్దం తర్వాత అదే బీటు కొత్తగా వినిపిస్తుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన విషయం. స్వరాలు గీసే పియానో రోల్ పైన కార్డుల జాబితా ఉంటుంది, కార్డు అంటే కలిపి మోగే కొన్ని స్వరాలు. మైనర్ అని ఎంచుకుని A మీద ఒక్కసారి నొక్కితే A, C, E మూడూ పడతాయి. కీబోర్డు నేర్చుకోని వాళ్లకు ఇంతకన్నా సులువైన దారి నేను చూడలేదు. నా పాటలో బార్‌కు ఒకటి చొప్పున A మైనర్, F, C, G. కానీ అవి పడినవి పడినట్టు వదిలేస్తే ప్రతి కార్డూ తన మూలస్వరం నుంచే మొదలై, పాట పైకీ కిందికీ గెంతుతూ ఉంటుంది. వినగానే కంప్యూటర్ వాయించిందని తెలుస్తుంది. మందు సులువే. F కార్డులో అడుగున ఉన్న F ను ఒక స్థాయి పైకి జరపండి: A, C, F అవుతుంది. ముందు కార్డులోని A, C కదలకుండా నిలిచి, E ఒక్కటే F కు మారుతుంది. తర్వాత C కార్డులో G ను కిందికి దించండి: G, C, E. చివరి G కార్డు ఆ పక్కనే G, B, D గా కూర్చుంటుంది. ఈ రెండు మార్పులకే చేతితో వాయించినట్టు ఉంటుంది. నేను ఈ జాబితా కోసమే ఎల్‌ఎంఎంఎస్ తెరుస్తాను, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

బేస్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. కార్డు మూలస్వరం, కిక్ పడిన చోటే. ఒక్క జాగ్రత్త: మరీ నున్నటి సైన్ తరంగం పెడితే హెడ్‌ఫోన్‌లో గుండె అదురుతుంది, ఫోన్ స్పీకర్‌లో ఏమీ వినపడదు. 55 హెర్ట్జ్ లాంటి లోతైన స్వరాన్ని అంత చిన్న స్పీకర్ పలకలేదు. ట్రిపుల్ ఆసిలేటర్ అనే వాయిద్యంలో రెండో ఆసిలేటర్‌ను రంపపు పళ్ల ఆకారానికి మార్చి కొంచెం కలపండి, ఫోన్‌లో కూడా బేస్ కదలిక తెలుస్తుంది.

ఇక విసుగు సంగతి. ఇందులో గొంతు రికార్డు చేసే సౌకర్యం లేదు. పాట తయారు చేసే సాఫ్ట్‌వేర్, మైకు మాత్రం పట్టదు! మూడు ట్రాకులనూ ఒక ఫైలుగా తీసి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, దాని మీద పాడి, ఆ గొంతును మళ్లీ ఇక్కడికి తేవాలి. తీసే ఫైలు వేవ్ రూపంలోనే ఉండాలి. ఎంపీ3 అయితే మొదట్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరి, లెక్క తప్పే ప్రమాదం ఉంది. ఇంకొకటి, పాడిన తర్వాత టెంపో మార్చకూడదు. మిగతా మూడూ మారుతాయి, గొంతు మారదు.

అసలు తలనొప్పి ఆలస్యం. కంప్యూటర్ సంగీతం వినిపించి, మీ గొంతు తీసుకుని, దాచేసరికి కొన్ని మిల్లీసెకన్లు పోతాయి. ఆడాసిటీ అందరికీ కలిపి -130 మిల్లీసెకన్లు అని ఒక అంచనా వేసి గొంతును వెనక్కి జరుపుతుంది. అది మీ కంప్యూటర్‌కు సరిపోతుందని నమ్మకం లేదు. సరిపోకపోతే మీరు ఎంత లయగా పాడినా వెనకబడినట్టు వినిపిస్తుంది, తప్పు మీదేనని పదేపదే పాడుతూ ఉంటారు. ఒకసారి కొలిచేయండి. Rhythm Track తో టిక్ టిక్ శబ్దం తయారు చేసి, హెడ్‌ఫోన్‌ను మైకుకు ఆనించి, Shift+R నొక్కి కొత్త ట్రాకులో రికార్డు చేయండి. రెండు ట్రాకులనూ పెద్దవి చేసి, టిక్కుల మధ్య తేడా చూడండి. రెండోది 46 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఉందనుకుందాం. అప్పుడు Latency compensation లో -176 పెట్టాలి. మళ్లీ రికార్డు చేస్తే రెండూ ఒకే గీత మీదికి రావాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు. దాని ఆలస్యం ఎక్కువ, పైగా నిలకడ ఉండదు.

ఈ మైకుకే హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది, అందులో నా గొంతు నాకు వెంటనే వినిపిస్తుంది. పాడటానికి హాయిగా ఉంది. అయితే రికార్డులోని ఆలస్యాన్ని అది సరిచేయదు. పెట్టె మీద రాసింది చదివి ఆ పొరపాటు పడవద్దు.

పాడేటప్పుడు సున్నా సెకను నుంచే రికార్డు మొదలుపెట్టండి, మొదటి నాలుగు బార్లు మౌనంగా ఉన్నా సరే. అప్పుడు ఆ ఫైలును ఎల్‌ఎంఎంఎస్‌లో శాంపుల్ ట్రాకు మొదటి బార్ దగ్గర పెడితే చాలు, వెతుక్కునే పని ఉండదు.

అయితే నా తీర్పు? మీకు గొంతే ప్రధానమైతే దీన్ని వాడకండి. ఐఫోన్, మ్యాక్ ఉన్నవాళ్లకు గరాజ్‌బ్యాండ్ ఉచితం, నేరుగా పాడవచ్చు. ట్యూన్ కట్టడం ప్రధానమైతే ఆ కార్డుల జాబితా ఒక్కదాని కోసం ఈ బాధంతా పడవచ్చు. నేను పడుతున్నాను. మైకుకు మంచి మార్కులే, కానీ దానితో వచ్చిన స్టాండు బల్ల మీద వేలు తగిలినా ఆ చప్పుడంతా రికార్డులోకి పంపుతుంది. దాని కింద మడిచిన తువ్వాలు పెట్టుకోండి.