చెవిలో బ్లూటూత్ ఉంటే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో రోజంతా బండి మీద తిరిగే ఫీల్డ్ స్టాఫ్ ఉన్నారు, వాళ్లకి ఫోన్లు చేసే మేనేజర్లూ ఉన్నారు. నేను చెప్పేది ఇద్దరికీ సంబంధించినదే.

ఫోన్ చేత్తో పట్టుకుని నడపకూడదని మీకు తెలుసు. అందుకే చాలామంది బ్లూటూత్ కొనుక్కున్నారు. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి, కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, ఇంకేం ప్రమాదం అని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం తప్పు.

1997లో టొరంటోలో ఇద్దరు పరిశోధకులు, యాక్సిడెంట్ అయిన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు తీసి చూశారు. ఫోన్‌లో మాట్లాడుతున్న సమయంలో ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. హ్యాండ్స్ ఫ్రీ వాడినవాళ్లు అంతకంటే భద్రంగా ఉన్నారన్న ఆధారం మాత్రం దొరకలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఆసుపత్రి పాలైన డ్రైవర్లను పరిశీలించినప్పుడూ అదే లెక్క వచ్చింది.

దీనికి కారణం చేతుల్లో లేదు, దృష్టిలో ఉంది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు డ్రైవర్లను సిమ్యులేటర్లో కూర్చోబెట్టి హ్యాండ్స్ ఫ్రీలో మాట్లాడించారు. దారి పక్కన ఉన్న బోర్డుల వైపు వాళ్ల కళ్లు తిరిగాయి. తర్వాత అడిగితే, తాము నేరుగా చూసిన వాటినే చాలావరకు గుర్తుపట్టలేకపోయారు. కన్ను చూసింది, మనసు ఎక్కించుకోలేదు. మీరూ ఒకసారి గమనించండి. కాల్ పెట్టేశాక, మాట్లాడుతుండగా దాటిన సిగ్నల్ ఏ రంగులో ఉందో గుర్తుకు రాకపోయినా, తిరగాల్సిన మలుపు దాటి ముందుకు వెళ్లిపోయినా, మీకు జరిగింది అదే.

పక్క సీట్లో ఉన్న మనిషితో మాట్లాడితే మాత్రం ప్రమాదం లేదా అని కొందరు అడుగుతారు. ఆ మనిషికీ రోడ్డు కనిపిస్తుంది. లారీ అడ్డం వస్తే తనే మాట ఆపేస్తాడు, "చూసుకో" అని కూడా అంటాడు. ఫోన్లో ఉన్నవాళ్లకి లారీ సంగతి తెలియదు. టార్గెట్ ఎంతవరకు వచ్చిందో చెప్పమంటూనే ఉంటారు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది, అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఒక పిల్లవాడు రోడ్డు మీదకి వచ్చాడు. ధ్యాస రోడ్డు మీదే ఉన్న డ్రైవర్ సెకనులో బ్రేక్ తొక్కాడనుకోండి. ఆ సెకనులో 17 మీటర్లు, పొడి రోడ్డు మీద బ్రేక్ పట్టి ఆగడానికి ఇంకో 20 మీటర్లు, మొత్తం సుమారు 37 మీటర్లలో బండి ఆగుతుంది. ధ్యాస కాల్ మీద ఉన్న డ్రైవర్ అర సెకను ఆలస్యంగా తొక్కాడనుకుందాం. మొదటి కారు ఆగిపోయిన చోటికి వచ్చేసరికి, రెండో కారు ఇంకా గంటకు దాదాపు 39 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. పిల్లవాడు సరిగ్గా అక్కడే ఉంటే ఆ వేగంతో తగులుతుంది. పోయింది అర సెకనే.

ఇక శిక్షల సంగతి. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌ను 2019లో సవరించి, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చారు. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. మ్యాప్ చూసుకోవడానికి మినహాయింపు ఉంది, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెడకుండా వాడితేనే.

ఈ సెక్షన్‌లో ఉన్నది చేతిలో ఫోన్ గురించే కాబట్టి హ్యాండ్స్ ఫ్రీకి కేసు లేదనుకుని నిశ్చింతగా ఉంటారు. కానీ ఎవరి ప్రాణమైనా పోతే చలానా మాట వదిలేయండి. నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ప్రమాదం జరిగిన నిమిషానికి మీరు కాల్‌లో ఉన్నారా లేదా అన్నది కాల్ రికార్డులు చెప్తాయి. చెవిలో బ్లూటూత్ ఉన్నా ఆ కాల్ రికార్డయ్యే ఉంటుంది.

మేనేజర్లకు నాదొక విన్నపం. మీ వాళ్లు ఫోన్ ఎత్తగానే "బండి మీదున్నావా?" అని అడగండి. అవునంటే "ఆగాక చెయ్యి" అని పెట్టేయండి, రిపోర్ట్ అడగొద్దు. ఫీల్డ్ స్టాఫ్‌కు చెప్పేదేమిటంటే, స్టార్ట్ చేసే ముందే ఫోన్లో డ్రైవింగ్ మోడ్ పెట్టండి. చాలా ఫోన్లలో ఆ సదుపాయం ఉంది, కాల్స్ మోగకుండా ఆపుతుంది. మీటింగ్ అయ్యాక నా దగ్గరికి వస్తే ఎవరి ఫోన్లో అది ఎక్కడుందో చూపిస్తాను.